పఠన వేగ సాధన: క్లాట్ పరీక్ష ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అవగాహన ప్రధానమైన పోటీ పరీక్షలో విద్యార్థి వెనుకబడడానికి కన్ను నెమ్మదిగా కదలడమే కారణమని సాధారణంగా భావిస్తారు. క్లాట్ పరీక్షను ఉదాహరణగా తీసుకొని కాలాన్ని విడదీసి లెక్కిస్తే, నష్టంలో పెద్ద భాగం మొదటి పఠనంలో కాక, ప్రశ్నలు చూసిన తర్వాత మళ్ళీ ప్యాసేజికి వెళ్ళడంలో కనిపిస్తుంది. రోజువారీ ప్యాసేజి, గడియారం పెట్టుకొని చేసే ప్రశ్నలు, చిన్న లిఖిత సంగ్రహం అనే మూడు అభ్యాసాలు ఆ నష్టాన్ని ఎలా తగ్గిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పఠన వేగం, అవగాహన, క్లాట్, సంగ్రహ రచన, తెలుగు మాధ్యమం.

ఉపోద్ఘాతం

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి నిర్వహించే క్లాట్ పరీక్ష 2020 నుంచి పూర్తిగా ప్యాసేజీల మీద ఆధారపడింది. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం డిగ్రీ సీట్లను ఈ పరీక్ష ద్వారానే భర్తీ చేస్తాయి. 2024 ప్రవేశాల పరీక్ష నుంచి ప్రశ్నల సంఖ్య 150 నుంచి 120కి తగ్గింది. కాలం మాత్రం 120 నిమిషాలే. సరైన జవాబుకు 1 మార్కు లభిస్తుంది, తప్పు జవాబుకు 0.25 మార్కు పోతుంది. ప్రశ్నపత్రం ఆంగ్లంలో మాత్రమే ఉంటుంది. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది భాషా పరీక్షగానూ, కాల పరీక్షగానూ మారుతుంది. ఈ రెండింటిలో ఏది అతన్ని వెనక్కి లాగుతున్నదో గుర్తించకుండా "వేగంగా చదువు" అని చెప్పే సలహా చాలాసార్లు నష్టమే చేస్తుంది. ఆ విద్యార్థికి మార్గదర్శనం చేయవలసిన కళాశాల అధ్యాపకులను దృష్టిలో పెట్టుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఒక ప్యాసేజికి దొరికే కాలం

ప్రశ్నపత్రంలో ఆంగ్లం, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, తార్కిక వివేచన, గణిత సామర్థ్యం అనే అయిదు విభాగాలుంటాయి. వర్తమాన వ్యవహారాల ప్రశ్నలకు చాలావరకు ముందే తెలిసిన సమాచారంతో జవాబు ఇవ్వవచ్చు. కనుక ఆ విభాగానికి 15 నిమిషాలు, గణితానికి మరో 15 నిమిషాలు కేటాయిద్దాం. మిగిలిన మూడు విభాగాల్లో సుమారు 78 ప్రశ్నలుంటాయి. ప్యాసేజికి అయిదు ప్రశ్నల చొప్పున అవి దాదాపు 16 ప్యాసేజీలవుతాయి. చేతిలో ఉన్న 90 నిమిషాలను వాటికి పంచితే ఒక్కొక్క దానికి అయిదున్నర నిమిషాలు, అంటే 330 సెకన్లు వస్తాయి.

ప్యాసేజి నిడివి సుమారు 450 పదాలు. చాలామంది ఇక్కడే లెక్క ఆపేస్తారు. ప్రశ్నలనూ, వాటి కింది నాలుగేసి ఐచ్ఛికాలనూ కూడా చదవాలి కదా! ఒక్కొక్క ప్రశ్నకు ఐచ్ఛికాలతో కలిపి 70 పదాలనుకుంటే అయిదింటికి 350 పదాలు. న్యాయ తర్కంలో ఇది ఇంకా పెరుగుతుంది. కాబట్టి 330 సెకన్లలో చదవవలసిన మొత్తం 800 పదాలు.

నిమిషానికి 150 పదాల చొప్పున చదివేవారికి ఈ పఠనమే 320 సెకన్లు తీసుకుంటుంది. అయిదు ప్రశ్నలకూ కలిపి ఆలోచించడానికి పది సెకన్లే మిగులుతాయి. వేగం 200కు చేరితే పఠనానికి 240 సెకన్లు పడతాయి, ఆలోచనకు 90 సెకన్లు మిగులుతాయి. 250కి చేరితే పఠనం 192 సెకన్లలో ముగుస్తుంది. 150 నుంచి 200కు పెరిగినప్పుడు 80 సెకన్లు ఆదా అయ్యాయి. 200 నుంచి 250కి పెరిగినప్పుడు 48 సెకన్లే ఆదా అయ్యాయి. 300కు పెంచినా కలిసివచ్చేది మరో 32 సెకన్లే. వేగం పెరిగేకొద్దీ ప్రతి అదనపు మెట్టుకూ ఫలితం తగ్గుతూ పోతుంది. అందువల్ల నిమిషానికి 500 పదాలు, 1000 పదాలు అంటూ చేసే ప్రకటనల వెంట పడవలసిన అవసరం ఈ పరీక్షకు లేదు. అవి సాధ్యమా అన్నది వేరే ప్రశ్న.

కన్ను, భాష, వెనుచూపు

ఆ ప్రశ్నకు పఠన పరిశోధన స్పష్టంగానే జవాబు చెప్పింది. చదివేటప్పుడు కన్ను పంక్తి మీద జారదు, ఆగుతూ దూకుతుంది. ఆగిన ప్రతిచోటా సుమారు సెకనులో నాలుగో వంతు నిలుస్తుంది. అక్షరాలు స్పష్టంగా కనిపించే పరిధి చిన్నది కావడం వల్ల ఒక్క చూపులో పంక్తి మొత్తాన్ని పట్టుకోవడం కుదరదు. కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన విస్తృత సమీక్షలో, వేగాన్ని బాగా పెంచితే అవగాహన తగ్గక తప్పదనీ, వేగం స్థిరంగా పెరగడానికి భాషతో పరిచయం పెరగడమే నమ్మదగిన మార్గమనీ తేల్చారు. మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో అనేక అధ్యయనాల ఫలితాలను క్రోడీకరించి, ఆంగ్లంలో కథేతర రచనను మౌనంగా చదివే వయోజనుల సగటు వేగం నిమిషానికి 238 పదాలని లెక్కగట్టారు. మన విద్యార్థి లక్ష్యాన్ని ఈ అంకెకు కొంచెం ఇటు నిర్ణయించుకోవడం సమంజసం.

తెలుగు చదువరికి ఆంగ్ల వాక్యం దగ్గర ఎదురయ్యే ఒక ప్రత్యేకమైన ఇబ్బందిని ఇక్కడ ప్రస్తావించాలి. తెలుగులో షరతు ముందు వస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది, క్రియ చివర నిలుస్తుంది. "పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉంటే తప్ప అద్దె ఒప్పందం రద్దు కాదు" అంటాం. న్యాయశాస్త్ర ఆంగ్లంలో ఇదే వాక్యం ఎక్కువగా "ఒప్పందం రద్దు కాదు" అన్న నిర్ణయంతో మొదలై, "అన్‌లెస్" అన్న మాటతో మినహాయింపు వైపు తిరుగుతుంది. విశేషణ వాక్యాల విషయంలోనూ అంతే. తెలుగులో అవి నామవాచకానికి ముందు వస్తాయి, ఆంగ్లంలో వెనుక వస్తాయి. తెలుగు వరుసకు అలవాటుపడిన చదువరి నిర్ణయాన్ని చదివి, మినహాయింపు దగ్గరకు వచ్చేసరికి అది దేనికి మినహాయింపో పట్టు తప్పి వాక్యారంభానికి తిరిగి వెళ్తాడు. ఈ వెనుచూపు కంటి బద్ధకం కాదు. వాక్య నిర్మాణాన్ని మనసు తిరగరాసుకుంటున్నదనడానికి అది గుర్తు. పంక్తి కింద వేలు జరుపుతూ వెనక్కి చూడకుండా బలవంతంగా అడ్డుకునే పద్ధతి ఇటువంటి వాక్యాల దగ్గర అపార్థాన్నే మిగులుస్తుంది.

సమస్య పఠనంలో ఉన్నదా, ఆంగ్లంలో ఉన్నదా అని తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పుటల్లో ఒకే విషయం రెండు భాషల్లో ఉంటుంది. ఒక పాఠం నుంచి ఒక పుట ఆంగ్లంలోను, అదే కఠినతగల మరో పుట తెలుగులోను చదివించి, ఒక్కొక్క దాని మీద నాలుగు ప్రశ్నలు అడగాలి. రెండింటినీ నిమిషానికి ఇన్ని పదాలంటూ పోల్చకూడదు. "చదవలేకపోయినందువల్ల" అన్న ఒక్క తెలుగు మాటకు ఆంగ్లంలో నాలుగైదు మాటలు కావాలి. పుటకు పట్టిన కాలాన్నే పోల్చాలి. తెలుగు పుట హాయిగా సాగి ఆంగ్ల పుటకు రెట్టింపు కాలం పడితే అది భాషా సమస్య. రెండూ నెమ్మదిగా సాగితే విద్యార్థికి దీర్ఘ పఠనమే అలవాటు లేదని అర్థం. మొదటి రకం విద్యార్థికి పదజాలం, వాక్య నిర్మాణం నేర్పాలి. రెండో రకం విద్యార్థి ముందు తెలుగులోనైనా రోజూ పది పుటలు చదవాలి.

రోజువారీ క్రమం

రోజుకు నలభై నిమిషాలు చాలు. అందులో మొదటి పది నిమిషాలు సులభమైన ప్యాసేజికి కేటాయించాలి. వేగాన్ని కఠినమైన పాఠం మీద పెంచడం వీలుకాదు. రెండో భాషా పఠనం మీద విస్తృతంగా పనిచేసిన పాల్ నేషన్ వేగ సాధనకు కొత్త పదాలు దాదాపు లేని పాఠాలే వాడాలని చెబుతారు. తెలుగు మాధ్యమ విద్యార్థికి ఎనిమిది, తొమ్మిది తరగతుల సాంఘిక శాస్త్రం ఆంగ్ల పుటలు ఇందుకు బాగా పనికివస్తాయి. విషయం ముందే తెలుసు కనుక దృష్టి మొత్తం వాక్యాల మీద నిలుస్తుంది. ఒకే పుటను కాలం చూసుకుంటూ రెండుసార్లు చదవాలి. రెండోసారి తగ్గిన కాలం ఆ పుటకే పరిమితమైనా, కొన్ని వారాల తర్వాత కొత్త పుటల మీద మొదటి పఠనమే ఆ కాలానికి దగ్గరవుతుంది. అలా కాకపోతే పుట కఠినంగా ఉన్నదని గ్రహించి ఒక తరగతి కిందికి దిగాలి.

తర్వాతి ఇరవై నిమిషాలు పరీక్ష స్థాయి ప్యాసేజి ఒకదానికి కేటాయించాలి. దీన్ని కాగితం మీదే చదవాలి, ఎందుకంటే పరీక్ష కాగితం మీదే జరుగుతుంది. మొదటి పఠన కాలాన్ని రాసుకొని, ప్యాసేజిని తిరగేసి, మూడు నిమిషాల్లో 50 పదాలకు మించని సంగ్రహం రాయాలి. ఆ తర్వాతే ప్రశ్నలు తెరవాలి. ప్రశ్నల దగ్గర ప్యాసేజిని చూడవచ్చు. అయితే వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ అంచులో పెన్సిలుతో ఒక గీత గీయాలి. ఈ గీతల లెక్కే మొత్తం సాధనలో అత్యంత విలువైన అంకె అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చివరి పది నిమిషాల్లో తప్పు జవాబులను సంగ్రహంతో సరిపోల్చాలి. తప్పు జవాబుకు కారణమైన అంశం సంగ్రహంలో లేకపోతే అది పఠనంలో జరిగిన లోపం. సంగ్రహంలో ఉండి కూడా జవాబు తప్పితే అది తర్కంలోనో, ఐచ్ఛికాల పఠనంలోనో జరిగిన లోపం. ఈ రెండింటికీ చికిత్స వేరు.

ప్రశ్నలను ముందు చదివి ఆ తర్వాత ప్యాసేజి చదవాలనే సలహా కొందరు ఇస్తారు. 350 పదాలను రెండుసార్లు చదవవలసి రావడంతో, మితమైన వేగం గల విద్యార్థికి ఇది కాలం తినే అలవాటే అవుతుంది. పైగా ప్రశ్నల్లోని మాటల కోసం వెతుకుతూ చదివితే సూత్రానికీ మినహాయింపుకూ మధ్య సంబంధం జారిపోతుంది.

సంగ్రహం ఎలా ఉండాలి

రోడిగర్, కార్పికీ 2006లో జరిపిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్ళీ చదివినవారి కంటే చూడకుండా గుర్తుచేసుకొని రాసినవారు వారం తర్వాత ఎక్కువ చెప్పగలిగారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షించినప్పుడు మాత్రం మళ్ళీ చదివినవారే ముందున్నారు. ఆ తక్షణ ఫలితం చూసి మోసపోయే విద్యార్థులు సంగ్రహాన్ని వృథా శ్రమగా భావించి మొదటి వారంలోనే మానేస్తారు. సంగ్రహం వల్ల లాభం ఆనాటి ప్యాసేజిలో కనిపించదు. వాక్యాల మధ్య సంబంధాన్ని పట్టుకుంటూ చదివే అలవాటుగా అది తర్వాతి ప్యాసేజీల్లో కనిపిస్తుంది.

సంగ్రహమంటే వాక్యాలు కొట్టేసి మిగిలినవి రాయడమని చాలామంది అనుకుంటారు. ఆన్ బ్రౌన్, జీన్ డే 1983లో సంగ్రహ రచనా నియమాలను పరిశీలించి, అనవసరమైనది తొలగించడం చిన్నపిల్లలకు కూడా వస్తుందనీ, పాఠంలో ఎక్కడా నేరుగా లేని ప్రధాన వాక్యాన్ని తానుగా నిర్మించడమే చివరగా పట్టుబడే నైపుణ్యమనీ చూపారు. క్లాట్ ప్రశ్నలు పరీక్షించేది కూడా సరిగ్గా ఈ చివరి నైపుణ్యాన్నే.

గోప్యత హక్కు మీద ఒక ప్యాసేజిని ఊహిద్దాం. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించింది. ఆ హక్కు అపరిమితం కాదనీ, దాన్ని పరిమితం చేయాలంటే ఏ షరతులుండాలో కూడా తీర్పు వివరించింది. దీన్ని చదివిన విద్యార్థి మొదటి వారంలో ఇలా రాస్తాడు: "ఈ ప్యాసేజి గోప్యత గురించి చెబుతుంది. 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఉన్నారు. గోప్యత చాలా ముఖ్యం." ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ పనికివచ్చేదీ లేదు. కొంత సాధన తర్వాత అదే విద్యార్థి ఇలా రాయగలగాలి: "గోప్యత ప్రాథమిక హక్కు, కానీ అపరిమితం కాదు. ప్రభుత్వం పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. మూడింటిలో ఒకటి లోపించినా పరిమితి చెల్లదు."

ఇప్పుడు ప్రశ్న చూద్దాం. దొంగతనాలను అరికట్టడానికి ఒక నగర పోలీసులు, ఏ చట్టమూ లేకుండా, కేవలం కార్యాలయ ఉత్తర్వుతో వీధుల్లో ముఖాలను గుర్తించే కెమెరాలు పెట్టారు. ఈ చర్య చెల్లుతుందా? మొదటి సంగ్రహం రాసినవారు ప్యాసేజికి తిరిగి వెళ్తారు. అక్కడ "న్యాయమైన ప్రయోజనం" అన్న మాట కనబడగానే చెల్లుతుందన్న ఐచ్ఛికాన్ని ఎంచుకునే ప్రమాదం ఉంది. రెండో సంగ్రహం రాసినవారికి తిరిగి చూసే పనే లేదు. చట్టం లేదు, మొదటి షరతు దగ్గరే చర్య విఫలమైంది.

సంగ్రహాన్ని మొదటి రెండు వారాలు తెలుగులో రాయనివ్వడం మంచిది. ఆంగ్లంలో రాయమంటే విద్యార్థి అర్థం కాని వాక్యాన్నే యథాతథంగా ఎత్తి రాసి తప్పించుకుంటాడు. తెలుగులో రాయాలంటే మినహాయింపును వాక్యం ముందుకు తేవాలి. అర్థం కాకుండా అది కుదరదు. మూడో వారం నుంచి ఆంగ్లానికి మారాలి, లేకపోతే చదువుతున్నంతసేపూ అనువదించుకునే అలవాటు స్థిరపడుతుంది.

ఒక నమూనా లెక్క

విషయం తేటపడడానికి అంకెలను నేనే కూర్చి ఒక నమూనా ఇస్తున్నాను. ఒక విద్యార్థిని మొదటి వారంలో ఆరు ప్యాసేజీలు చేసింది. ఆమె సగటు పఠన కాలం 170 సెకన్లు, అంటే నిమిషానికి దాదాపు 160 పదాలు. ప్రశ్నలకు మరో 340 సెకన్లు పట్టాయి. సంగ్రహం రాసిన కాలాన్ని ఇందులో కలపలేదు, పరీక్షలో అది ఉండదు. మొత్తం 510 సెకన్లు. ఉండవలసింది 330. తగ్గించవలసింది 180 సెకన్లు.

ప్రశ్నలకు పట్టిన 340 సెకన్లను విడదీద్దాం. 350 పదాలు చదవడానికి అదే వేగంతో 131 సెకన్లు. అంచులోని గీతలు ప్యాసేజికి ఏడు. ఒక్కో వెనుచూపుకు 20 సెకన్లనుకుంటే 140 సెకన్లు. మిగిలిన 69 సెకన్లు ఆలోచనకు పోయాయి. ఈ 180 సెకన్లనూ కేవలం పఠన వేగం నుంచే రాబట్టాలంటే, 301 సెకన్లలో చదివిన 800 పదాలను ఆమె 121 సెకన్లలో చదవాలి. అంటే నిమిషానికి సుమారు 400 పదాలు. సగటు ఆంగ్ల చదువరికే అందని వేగమిది. వెనుచూపులను ఏడు నుంచి రెండుకు తగ్గిస్తే 100 సెకన్లు కలిసివస్తాయి. మిగిలిన 80 సెకన్లకు వేగం 160 నుంచి 215 దాకా పెరిగితే దాదాపు సరిపోతుంది. రెండు లక్ష్యాలూ కొన్ని నెలల క్రమమైన సాధనకు అందుబాటులో ఉన్నవే. గీతలు లెక్కించని విద్యార్థిని మాత్రం మొదటి మార్గాన్నే పట్టుకొని వేలాడుతుంది.

కొలతలో జాగ్రత్తలు, పరిమితులు

ఒక ప్యాసేజికి అయిదే ప్రశ్నలు కనుక ఒక్క ఊహ ఫలించినా ఫలితం 20 శాతం మారిపోతుంది. ఒక రోజు అంకెను చూసి వేగం పెంచడం, తగ్గించడం తగదు. ఆరు ప్యాసేజీల ముప్పై ప్రశ్నలను కలిపి చూడాలి. వాటిలో 24 సరైనవైతే తర్వాతి వారం పఠన కాలాన్ని పది సెకన్లు తగ్గించవచ్చు. 21 కంటే తక్కువైతే కాలాన్ని వదిలేసి అవగాహన మీద నిలవాలి. కాలం తగ్గుతున్నకొద్దీ గీతలు పెరుగుతున్నాయంటే వేగం పెరగలేదు. మొదటి పఠనంలో మిగిల్చుకున్న పని ప్రశ్నల దగ్గరకు వాయిదా పడిందంతే.

ఆదివారం మాత్రం సంగ్రహం లేకుండా నాలుగు ప్యాసేజీలను వరుసగా 22 నిమిషాల్లో చేయాలి. పాత ప్రశ్నపత్రాలను ఈ రోజు కోసమే దాచుకోవాలి, రోజువారీ సాధనకు ఖర్చు చేయకూడదు. నాలుగో ప్యాసేజిలో గీతలు మొదటిదాని కంటే బాగా పెరిగితే లోపం వేగంలో కాదు, అలసటలో ఉంది. అప్పుడు మరుసటి వారం ఆరు ప్యాసేజీలను వరుసగా చేయించి చూడాలి.

అన్ని ప్యాసేజీలకూ ఈ పద్ధతి ఒకేలా పనిచేయదు. న్యాయ తర్కంలో సూత్రం, షరతు, మినహాయింపు స్పష్టంగా ఉంటాయి కనుక సంగ్రహం బాగా ఉపకరిస్తుంది. ఆంగ్ల విభాగంలో కథాంశమో, రచయిత ధ్వనో ప్రధానమైన ప్యాసేజి వచ్చినప్పుడు, ఒక పదానికి ఆ సందర్భంలో అర్థమేమిటని అడిగే ప్రశ్నకు వెనక్కి వెళ్ళి చూడక తప్పదు. అక్కడ రెండు మూడు గీతలను లోపంగా లెక్కించరాదు. తార్కిక వివేచనలో, వాదాన్ని బలహీనపరిచే వాక్యమేదని అడిగినప్పుడు కాలం పఠనానికి కాక ఐచ్ఛికాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి పోతుంది. ఆ ఆలస్యాన్ని పఠన సాధన తగ్గించలేదు, దానికి వేరే అభ్యాసం కావాలి. అందుచేత విద్యార్థి పుస్తకంలో మూడు విభాగాల గీతలనూ, కాలాన్నీ మూడు వేర్వేరు వరుసల్లో రాయించాలి.